జంతు కథలో ఒక్కో జీవి ఒక్కో వర్గం: 'యానిమల్ ఫామ్'లో రైతులకి కోళ్లే ఎందుకు?

వెన్నెలదారి

జార్జ్ ఆర్వెల్ రాసిన 'యానిమల్ ఫామ్' ఒక దొడ్డిలో జంతువులు యజమానిని తరిమేసి, తర్వాత పందుల పాలన కిందికి పోయే కథ, దాని వెనక ఉన్నది రష్యా విప్లవం. ఆ పుస్తకం గురించి ఏ వ్యాసం తీసినా ఒక జాబితా ఉంటుంది. పందులు పార్టీ నాయకత్వం, కుక్కలు రహస్య పోలీసులు, బాక్సర్ అనే గుర్రం కార్మికవర్గం, మోజెస్ అనే బొంతకాకి చర్చి, ఏడో అధ్యాయంలో తిరగబడే కోళ్లు రైతులు. జాబితా అర్థమవుతుంది కానీ దాని వెనక లెక్క అర్థం కావడం లేదు. కోడికీ రష్యా రైతుకీ పోలిక ఏమిటి? ఆవుల్ని పెట్టినా, గొర్రెల్ని పెట్టినా కథ అలాగే నడిచేది కదా? జంతువు ఎంపిక వెనక ఏదైనా పద్ధతి ఉందా, లేక చేతికందినది పెట్టేశాడా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

చింతచెట్టు

ఇందులో పెద్ద చిక్కు లేదండీ. జంతువుకి లోకం ముందే ఒక స్వభావం అంటగట్టింది. నక్క జిత్తులమారి, గాడిద మొద్దు, సింహం రాజు. చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో మిత్రభేదం చూడండి. పింగళకుడు సింహం కాబట్టి రాజు, కరటక దమనకులు నక్కలు కాబట్టి కొలువులో ఉంటూ చాడీలు చెప్పే మంత్రులు, సంజీవకుడు ఎద్దు కాబట్టి నమ్మి చెడిపోయేవాడు. అదీ రాజకీయమే. ఆర్వెల్ చేసిందీ అదే. కోడి పిరికిది, రెక్కలున్నా ఎగిరిపోలేనిది, అరవడం తప్ప ఏమీ చేయలేనిది. అందుకని రైతు అయింది.

నాగావళి

చింతచెట్టు గారి మాట సగం వరకు ఒప్పుకుంటాను. మిత్రభేదానికి ఆ వివరణ చక్కగా సరిపోతుంది. అక్కడ దమనకుడు ఒక వ్యక్తి. నక్కలన్నీ ఒకవైపు, ఎద్దులన్నీ ఒకవైపు నిలబడవు. పైగా ఇద్దరు నక్కల్లో కరటకుడు ముందే వద్దని చెబుతాడు. అది కొలువులో మనుషులు ఎలా మసలుకోవాలో చెప్పే కథ. అలాంటి కథకి స్వభావం చాలు.

వర్గాన్ని చూపించాలంటే స్వభావం చాలదు. ఒక వర్గంలో పిరికివాళ్లూ ఉంటారు, మొండివాళ్లూ ఉంటారు. వాళ్లని ఒక్క గుంపుగా చేసేది గుణం కాదు, వాళ్ల దగ్గర నుంచి ఏం తీసుకుంటున్నారు, ఎవరు తీసుకుంటున్నారు అనేది. ఈ కథలో జంతువు ఎంపికంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. స్వభావం చూసి ఎంచుకుంటే పిరికితనానికి కోడి కంటే గొర్రె నయం. మరి తిరగబడింది గొర్రెలు కాదు, కోళ్లు. మీ వివరణ అక్కడే తెగిపోతుంది.

ఏడో అధ్యాయం వరుసగా చూద్దాం. జనవరిలో తిండిగింజలు తక్కువవుతాయి. మంచుకి బంగాళదుంపలు పాడవుతాయి. ఆకలి సంగతి బయటికి పొక్కకూడదని దొడ్డిని పాలించే పంది నెపోలియన్ ఖాళీ గాదెల్ని దాదాపు అంచుదాకా ఇసకతో నింపించి, పైన మిగిలిన గింజలు పోయిస్తాడు. బయటినుంచి వచ్చే దళారి వింపర్‌ని వాటి పక్కగా నడిపించి, లోపల కొరతేమీ లేదని చెప్పిస్తాడు. అయినా గింజలు కొనక తప్పదు. ఒక ఆదివారం ఉదయం నెపోలియన్ తరఫున మాట్లాడే పంది స్క్వీలర్ వచ్చి కోళ్లు తమ గుడ్లు అప్పజెప్పాలని ప్రకటిస్తాడు. వారానికి 400 గుడ్లకి ఒప్పందం అయిపోయింది, ఆ డబ్బుతో వేసవి దాకా గడుస్తుంది అంటాడు.

ఆ కోళ్లు అప్పుడే వసంతంలో పొదగడానికి గుడ్లు సిద్ధం చేసుకుంటున్నాయి. ఇప్పుడు తీసుకెళ్లడం హత్యతో సమానం అంటాయి. మూడు పడుచు నల్ల మినోర్కా పెట్టలు ముందు నిలబడతాయి. అవి ఎవరినీ పొడవవు, ఎక్కడికీ పారిపోవు. దూలాల మీదికి ఎగిరి అక్కడే గుడ్లు పెడతాయి. గుడ్లు నేలమీద పడి పగిలిపోతాయి. నెపోలియన్ వెంటనే వాటి తిండి ఆపేస్తాడు. ఏ జంతువైనా కోడికి ఒక్క గింజ వేసినా మరణశిక్ష అంటాడు. అది అమలు చేసే పని కుక్కలది. ఐదు రోజులు నిలబడి కోళ్లు లొంగిపోతాయి. అప్పటికి తొమ్మిది చనిపోతాయి. కాక్సిడియోసిస్ రోగంతో పోయాయని ప్రచారం చేస్తారు. వింపర్ చెవిన ఏమీ పడదు. గుడ్లు వేళకి చేరిపోతాయి.

ఇప్పుడు కోడి ఉన్న చోట ఆవుని పెట్టి చూడండి. పాలు పిండకపోతే బాధపడేది ఆవే. రెండో అధ్యాయంలో యజమాని పారిపోయాక పొదుగులు పగిలిపోయేలా ఉంటే పందులు వచ్చి పిండుతాయి. ఐదు బక్కెట్ల పాలు వస్తాయి, ఆవులకి ప్రాణం లేచివస్తుంది. తీసుకోవడమే ఉపకారంగా కనబడే చోట తిరుగుబాటు కథ నడవదు. గొర్రెని పెట్టి చూడండి. ఉన్ని మళ్లీ పెరుగుతుంది, పైగా గొర్రె తన ఉన్నిని తానే నాశనం చేయలేదు. గుడ్డు ఒక్కటే వేరు. అది ఉత్పత్తి కూడా, సంతానం కూడా. రైతు ఇంట్లో ధాన్యం ఎలా ఈ ఏటి తిండీ, వచ్చే ఏటి విత్తనమూ అవుతుందో గుడ్డూ అలాగే. దాన్ని తీసుకెళ్తే ఇవాళ్టి సొత్తుతో పాటు రేపటి బతుకూ పోతుంది. ఇంకొకటి, పరాయి చేతికి పోకుండా దాన్ని పాడుచేసే శక్తి కోడి దగ్గరే ఉంది.

1929 తర్వాత సమష్టి వ్యవసాయంలోకి బలవంతంగా నెట్టినప్పుడు సోవియట్ రైతులు చేసిందీ ఇదే. పశువుల్ని అప్పజెప్పడం కంటే కోసుకుని తినేశారు. 1928కీ 1933కీ మధ్య ఆ దేశంలో పశువుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. అది ఆయుధం పట్టిన తిరుగుబాటు కాదు, తమ సొత్తుని తామే నాశనం చేసుకోవడం. ఆ పనిని ఒక్క చూపులో చూపించగల జంతువు ఆ దొడ్డిలో కోడి తప్ప మరొకటి లేదు.

వెన్నెలదారి

గొర్రెల మాట చెప్పాక ఇప్పుడు కళ్లకి కడుతోంది. అయితే ఎంపికకి పరీక్ష ఏమిటంటే, ఆ జంతువుని తీసి మరోదాన్ని పెడితే ఆ సన్నివేశం నిలుస్తుందా లేదా అని చూడడమేనా?

నాగావళి

ముఖ్యంగా అదే. నిలిస్తే ఆ జంతువు వేషం మాత్రమే. నిలవకపోతే ఆ జంతువు పని చేస్తున్నట్టు. ఈ పుస్తకంలో అన్ని జంతువులూ ఆ పరీక్షలో నెగ్గవు. బాతులూ, పావురాలూ చాలా చోట్ల వేషాలే.

సుభాషిణి_టీచర్

నమస్కారం అండీ. మా విద్యార్థులకి ఇదే పాఠం. మీరంతా ఇంత బాగా చెబుతున్నారు కాబట్టి ఒక పట్టిక వేసి పెట్టగలరా? ఎడమవైపు జంతువు, కుడివైపు వర్గం లేదా వ్యక్తి. ముఖ్యంగా లెనిన్ ఎవరో చెప్పండి. ఒక గైడులో ఓల్డ్ మేజర్ అనే ముసలి పంది అంటే మార్క్స్ అని ఉంది, ఇంకోదాంట్లో లెనిన్ అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?

పాతపుస్తకం

టీచర్ గారూ, పట్టిక వేయడం తేలికే, కానీ మీరు అడిగిన లెనిన్ దగ్గరే అది కూలిపోతుంది. మేజర్ విప్లవానికి ముందే చనిపోతాడు, సిద్ధాంతం చెప్పి పోతాడు. అంతవరకు మార్క్స్. తర్వాత అతని పుర్రెని బయటికి తీసి ఒక మొద్దు మీద పెట్టి, ప్రతి ఆదివారం దాని ముందుగా వరుసలో నడుస్తారు. అది లెనిన్ భౌతికకాయం ముందు జనం నడవడమే. ఇద్దరూ ఒకే ముసలి పందిలో ఉన్నారు. విప్లవం నడిపించి, కొన్నేళ్లు పాలించిన లెనిన్‌కి మాత్రం ఈ కథలో వేరే జంతువు లేదు. పిల్లలు రెండూ రాసి ఎందుకో చెబితే మార్కులు తీయకండి.

నాగావళి

లెనిన్ లేకపోవడం చిన్న ఖాళీ కాదు. లెనిన్ ఉండి ఉంటే నెపోలియన్ ఎక్కడినుంచి చెడ్డాడు అనే ప్రశ్న ఒక పాలకుడి నుంచి ఇంకో పాలకుడికి మారేది. మొదటివాడు మంచివాడు, రెండోవాడు పాడుచేశాడు అని పాఠకుడు సర్దిచెప్పుకునేవాడు. ఆ దారి మూసేశాడు. చెడడం మొదలయ్యేది ఒక వ్యక్తి గద్దె ఎక్కినప్పుడు కాదు, ఆ ఐదు బక్కెట్ల పాలు మాయమైన సాయంత్రం. తర్వాత రాలిన యాపిల్ పళ్లు కూడా పందులకే అంటారు. అప్పుడు స్నోబాల్ అనే ఇంకో నాయకపంది కూడా అక్కడే ఉన్నాడు, మిగతా విషయాల్లో నెపోలియన్‌తో ఎంత పడకపోయినా పళ్ల విషయంలో పందులన్నీ ఒక్క మాట మీదే ఉన్నాయి. ఆర్వెల్ 1946లో రాసిన ఒక ఉత్తరంలో కథ మలుపు అదేనని, మిగతా జంతువులు అక్కడే గట్టిగా నిలబడి ఉండాల్సిందని చెప్పాడు. వర్గం అంటే ఏమిటో తెలియజేసే చోటు అది. స్నోబాల్ మంచివాడా చెడ్డవాడా అని వాదించుకునే పాఠకులు ఈ చోటు దాటేస్తుంటారు.

టీచర్ గారూ, పట్టిక వేయాలనుకుంటే మూడో వరుస ఒకటి పెట్టించండి. 'దాని దగ్గర ఏం తీసుకుంటారు' అని. కోడి దగ్గర గుడ్లు, బాక్సర్ దగ్గర బలం, చివరికి చర్మం. గొర్రెల దగ్గర అరుపు. మోలీ అనే గుర్రం దగ్గర తీసుకోవడానికి ఏమీ లేదు, రిబ్బన్లూ చక్కెర ముక్కలూ ఆమెకే కావాలి, అందుకే పారిపోయి వేరే యజమాని బండికి కట్టించుకుంటుంది. పిల్లలు ఆ వరుస నింపగలిగితే మిగతా రెండూ బట్టీ పట్టక్కర్లేదు.

సుభాషిణి_టీచర్

మూడో వరుస బాగుంది. రేపే బోర్డు మీద వేస్తాను. కానీ గొర్రెల దగ్గర అరుపు తీసుకోవడం అనేది పిల్లలకి ఎలా చెప్పాలి?

వెన్నెలదారి

సభలో ఎవరైనా అభ్యంతరం చెప్పబోతే గొర్రెలు నినాదం అందుకుంటాయి కదండీ, అవి ఆగేసరికి మాట్లాడే సమయం దాటిపోతుంది. నాలుగు కుర్ర పందులు అభ్యంతరం చెప్పబోయినప్పుడు అదే జరిగింది. ఆ సన్నివేశం చదివించండి చాలు.

పాతపుస్తకం

నాగావళి గారి కోళ్ల విశ్లేషణలో ఒక చోట నాకు అభ్యంతరం ఉంది. చరిత్రలో ప్రభుత్వం రైతుల ధాన్యం లాక్కుని విదేశాలకి అమ్మింది, ఆ డబ్బుతో యంత్రాలు కొంది. 1932–33లో జనం లక్షల్లో ఆకలితో చస్తున్నప్పుడూ ఎగుమతి పూర్తిగా ఆగలేదు. కథలో మాత్రం గుడ్లు అమ్మి గింజలు కొంటారు. అంటే దిశ తిరగబడింది. చరిత్రలో ఆకలికి కారణమైన పనే కథలో ఆకలికి మందుగా వచ్చింది. ఇది నెపోలియన్‌కి కొంత న్యాయం కట్టబెట్టినట్టు కాదా?

కాలం సంగతి కూడా చూడండి. కరువు 1932–33. స్టాలిన్ నడిపించిన బహిరంగ విచారణలూ ఒప్పుకోలు ప్రకటనలూ 1936 నుంచి 38 దాకా. కథలో ఈ రెండూ ఒకే అధ్యాయంలో, కొద్ది వారాల తేడాతో జరుగుతాయి. చరిత్ర తెలియని పాఠకుడు కరువు తిరుగుబాటుకి శిక్షగానే ఆ విచారణలు జరిగాయనుకుంటాడు.

నాగావళి

దిశ తిరగబడిందన్నది నిజం. ఎందుకు తిప్పాడో ఊహించగలం. ఆ దొడ్డికి బయటి ప్రపంచంతో ఉన్న సంబంధం ఒక్క దళారి ద్వారానే. అమ్మడానికి ధాన్యమే లేని చోట ధాన్యం అమ్మించలేడు. జంతు కథకి దాని సొంత లెక్క ఒకటి ఉంటుంది. దొడ్డిలో ఏం పండుతుంది, ఎంత మంది తింటారు అన్న లెక్క తప్పితే పాఠకుడు నమ్మడం మానేస్తాడు. చరిత్రకీ దొడ్డి లెక్కకీ పోటీ వచ్చిన చోట ఆర్వెల్ దొడ్డి లెక్కనే నిలబెట్టాడు.

కానీ నెపోలియన్‌కి న్యాయం దొరికిందన్న మాటకి అడ్డం పడే వివరాలు ముందూ వెనకా ఉన్నాయి. ఆకలి మొదలు కాకముందే, ఆరో అధ్యాయంలో, కడుతున్న గాలిమరకి డబ్బు తక్కువైతే గుడ్లు అమ్ముతామని, ఆ త్యాగాన్ని కోళ్లు సంతోషంగా స్వీకరించాలని అతను చెప్పేశాడు. అంటే గుడ్ల మీద కన్ను ఆకలికి ముందుది. ఆ తర్వాత తొమ్మిదో అధ్యాయంలో ఒప్పందం 400 నుంచి 600కి పెరుగుతుంది. ఆ ఏడు పొదిగిన పిల్లలు కోళ్ల సంఖ్య తగ్గకుండా ఉండడానికి మాత్రమే సరిపోతాయి. కరువు పేరుతో మొదలైనది కరువు తీరాక ఆగలేదు.

ఇంకా వెనక్కి వెళితే మొదటి అధ్యాయంలో మేజర్ కోళ్లని సూటిగా అడుగుతాడు, ఈ ఏడాది మీరు పెట్టిన గుడ్లలో ఎన్ని పిల్లలయ్యాయి, మిగతావి బజారుకి పోలేదా అని. విప్లవానికి కారణంగా చూపించిన ఫిర్యాదే విప్లవం తర్వాత అదే మాటల్లో తిరిగొచ్చింది. మేజర్ ప్రసంగం పక్కన స్క్వీలర్ ప్రకటన పెట్టి చదివితే ఆ అధ్యాయం ఎందుకుందో తెలుస్తుంది.

కాలం గురించి మీరన్నది నేను కొట్టిపారేయను. విచారణలో ఆ ముగ్గురు కోళ్ల నాయకురాళ్లు ముందుకొచ్చి, స్నోబాల్ కలలో కనబడి తమని రెచ్చగొట్టాడని ఒప్పుకుంటాయి. అక్కడే చంపేస్తారు. నిజమైన కారణం గుడ్లు. రికార్డులో మిగిలేది కల. ఇది చూపించాలంటే రెండు ఘట్టాలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఏళ్ల తేడా పెడితే ఎవరు ఎందుకు చనిపోయారో పాఠకుడికి గుర్తుండదు. దానివల్ల చరిత్రకి కొంత నష్టం జరిగిందంటే జరిగింది.

పాతపుస్తకం

ఆరో అధ్యాయం మాట మరిచిపోయాను, సరే. కాలం దగ్గర మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంచుకుంటాను.

చింతచెట్టు

నాకు ఇంకో సందేహం. బాక్సర్ కార్మికుడు, కోళ్లు రైతులు అంటున్నారు. కానీ బాక్సర్ పొలం దున్నుతాడు, గడ్డి కోతకి బండి లాగుతాడు. దున్నేవాడు రైతు కాడా? కోడి ఏం దున్నింది?

నాగావళి

ఇది మంచి ప్రశ్న, ఇప్పటిదాకా చెప్పినదానికి అసలు పరీక్ష ఇదే. కథంతా ఒక వ్యవసాయ క్షేత్రంలో జరుగుతోంది. అక్కడ పనంతా పొలం పనే. ఫ్యాక్టరీ లేదు, గని లేదు. కాబట్టి చేసే పనిని బట్టి కార్మికుడినీ రైతునీ విడదీయడం కుదరదు. విడదీసింది సొత్తుని బట్టి. కోడి దగ్గర తన గుడ్డు ఉంది, దాన్ని ఇవ్వననగలదు, దాచగలదు, పగలగొట్టగలదు. బాక్సర్ దగ్గర భుజబలం తప్ప ఏమీ లేదు. దాన్ని పగలగొట్టాలంటే తన ఒళ్లే పగలాలి. అందుకే అతనికి తెలిసిన జవాబు ఒక్కటే, ఇంకొంచెం ముందు లేవడం. మొదట అరగంట, తర్వాత ముప్పావుగంట ముందు లేపమని కోడిపుంజుకి చెప్పుకుంటాడు. 1935 ఆగస్టులో స్తఖానోవ్ అనే గని కార్మికుడు ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తీశాడని, అది కోటాకి 14 రెట్లని దేశమంతా ఆదర్శంగా చూపించారు. బాక్సర్‌లో ఆ కాలపు మనిషి ఉన్నాడు.

ఇద్దరి ముగింపులూ అందుకే వేరు. కోళ్లని లొంగదీయాలంటే తిండి ఆపాలి, కాపలా పెట్టాలి, అంటే బలం వాడాలి. బాక్సర్ మీద బలం వాడబోతే జరిగింది చూశాం. మూడు కుక్కలు మీదపడితే ఒకదాన్ని గిట్టకింద అదిమిపెట్టి, చంపనా వదలనా అన్నట్టు నెపోలియన్ వైపు చూస్తాడు. వదిలెయ్యమంటే వదిలేస్తాడు. ఆ చూపు మార్చుకోకపోవడం వల్లే ఊపిరితిత్తి దెబ్బతిన్నాక కసాయి బండిలో పోయాడు.

అయితే సోవియట్ దేశంలో జనాభాలో ఎక్కువమంది రైతులే కదా, వాళ్లకి పుస్తకంలో రెండు పేజీలేనా అంటే నా దగ్గర పూర్తి జవాబు లేదు. పేరులేని మిగతా జంతువుల్లో కూడా రైతులు ఉన్నారని చదవాలేమో.

కొత్తకలం

అందరికీ నమస్కారం. నేనొక జంతు కథ రాస్తున్నాను. ఒక పెద్ద సంస్థ, అందులో యాజమాన్యం, పర్మనెంట్ ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు. సింహాన్ని యజమానిగా, నక్కని మేనేజరుగా, చీమల్ని కార్మికులుగా పెట్టాను. మొదటి ఐదు పేజీలు బాగా వచ్చాయి, తర్వాత కథ కదలడం లేదు. పైన చెప్పిన పరీక్ష ప్రకారం తప్పెక్కడుంది?

వెన్నెలదారి

సింహం చీమల దగ్గర ఏం తీసుకుంటుంది?

కొత్తకలం

అవి దాచుకున్న గింజలు. సింహం గింజలు తినదు, నిజమే. పన్నులా కట్టిస్తాడని రాశాను.

నాగావళి

అక్కడే ఆగిపోయిందన్నమాట. సింహానికి చీమతో అవసరం లేదు. చీమలు పని మానేస్తే సింహం ఆకలితో పడుకోడు. అవసరం లేని చోట సమ్మె రాయలేరు, బేరం రాయలేరు, కాబట్టి ఆరో పేజీ రాదు.

తేనెటీగలతో ప్రయత్నించి చూడండి. పెట్టె పెట్టినవాడు తేనె తీసుకుంటాడు, బదులుగా చక్కెర పాకం పోస్తాడు. అవి తినే తిండినే తీసుకుని, తక్కువ రకం తిండి ఇవ్వడం జీతం బేరంలా ఉంటుంది. తీసేముందు పొగ వేస్తాడు. పొగ తగిలితే ఈగలు అల్లరి మాని తేనె తాగడంలో పడతాయి. మీ మేనేజరు పని ఆ పొగ చేస్తుంది, నక్క అక్కర్లేదు. కుట్టే హక్కు ఉంది, కానీ మనిషిని కుట్టిన పనిఈగ ముల్లు ఊడి చచ్చిపోతుంది. ఒంటరిగా ఎదురుతిరిగినవాడికి ఏమవుతుందో మీరు వేరే చెప్పక్కర్లేదు.

పర్మనెంటు, కాంట్రాక్టు తేడాకి మాత్రం రెండు జాతులు పెట్టకండి. ఈగలన్నీ ఒకే జాతిగా ఉంచి, పెట్టెలో పుట్టినవాటినీ, బయటినుంచి పట్టుకొచ్చి పోసిన గుంపునీ వేరుగా చూపించండి. ఇద్దరూ చేసే పని ఒకటే, హోదా వేరు. అది జాతి తేడాగా రాస్తే కాంట్రాక్టు కార్మికుడు పుట్టుకతోనే తక్కువవాడని మీ కథే చెప్పినట్టవుతుంది.

కొత్తకలం

చీమలు వదిలేసి మళ్లీ మొదలుపెడతాను. పొగ గురించి ఆలోచించలేదు. రాణి ఈగని ఏం చేయాలి?

చింతచెట్టు

రాణి ఉండగా ప్రజాస్వామ్యం ఎలా రాస్తావు బాబూ? యూనియన్ నాయకురాలిని చెయ్యి.

నాగావళి

అది మాత్రం వద్దు. రాణి గుడ్లు పెడుతుంది, ఆజ్ఞలు ఇవ్వదు. పెట్టెలో చాలా నిర్ణయాలు పనిఈగలవే. పాఠకుడికి రాణి అనగానే పాలకురాలు తోస్తుంది కాబట్టి, ఆమెని వెనకే ఉంచడం మేలు.

మూడోగంట

ఇంతసేపు చదివాక ఒక మాట అడగాలనిపిస్తోంది. నాగావళి గారు చివర్లో అన్న పుట్టుక సంగతి కొత్తకలం కథకి మాత్రమే కాదు, ఆర్వెల్ కథకీ తగులుతుంది. వర్గం మారవచ్చు. జాతి మారదు. పంది పందిగా పుడుతుంది, గొర్రె గొర్రెగా చస్తుంది. పందులు పుట్టుకతో తెలివైనవని పుస్తకమే చెబుతుంది. బాక్సర్ నాలుగు అక్షరాలు దాటి నేర్చుకోలేడు. అంటే పాలించేవాళ్లు పాలించడానికే పుట్టారని కథ ఒప్పుకున్నట్టే కదా. మన సమాజంలో పుట్టుకని బట్టి మనిషిని కొలవడం ఏం చేసిందో తెలిసినవాళ్లం. ఇక్కడ ఎవరైనా ఒక్కో కులానికి ఒక్కో జంతువుని పెట్టి కథ రాస్తే అది రాజకీయ విమర్శ అవదు, తిట్టు అవుతుంది. ఆ ప్రమాదం ఈ పద్ధతిలోనే ఉంది, రాసేవాడి మనసులో ఉన్నా లేకపోయినా.

పాతపుస్తకం

ఈ అభ్యంతరం పుస్తకం అచ్చు కాకముందే ఇంకో రూపంలో వచ్చింది. 1944లో ఫేబర్ సంస్థ తరఫున టి.ఎస్. ఎలియట్ రాతప్రతి తిప్పి పంపుతూ, పందులు మిగతా వాటికంటే తెలివైనవి కాబట్టి దొడ్డి నడపడానికి తగినవి అవే, కావలసింది ఇంకాస్త ప్రజాహితం కోరే పందులు అన్న అర్థంలో రాశాడు. అదే ఏడాది జొనాథన్ కేప్ అనే ప్రచురణకర్త, పాలకులుగా పందుల్ని కాక వేరే జంతువుని పెడితే అంత నొప్పించేది కాదని రాశాడు. చివరికి సెకర్ అండ్ వార్‌బర్గ్ 1945 ఆగస్టులో వేసింది. ఎలియట్ చదివిన తీరు తప్పనుకుంటాను కానీ, అలా చదవడానికి వీలు కథలో ఉంది.

నాగావళి

మూడోగంట గారి అభ్యంతరం నేను తేలిగ్గా తీసుకోను. జంతు జాతితో వర్గాన్ని చూపించే ఏ కథకైనా ఇది కీలకమైన బలహీనత. ఆర్వెల్‌కి అది తెలిసే ఉండాలి అనిపించే చోటు ఒకటుంది, కుక్కలు.

జెస్సీ, బ్లూబెల్ అనే రెండు కుక్కలు తొమ్మిది పిల్లల్ని కంటాయి. పాలు మరిచిన వెంటనే నెపోలియన్ వాటిని తల్లుల దగ్గరనుంచి తీసుకుని, నిచ్చెన వేస్తే తప్ప ఎక్కలేని అటకమీద ఎవరికీ కనబడకుండా పెంచుతాడు. దొడ్డి వాటిని మరిచిపోతుంది. అవి తిరిగి వచ్చేసరికి ఇత్తడి మేకుల పట్టీలు వేసుకుని స్నోబాల్‌ని తరుముతాయి. ఆ తల్లులు కూడా కుక్కలే కదా. అవి పోలీసులు కావు, మామూలు జంతువులు. ఒకే జాతిలో తల్లులు ప్రజలు, పిల్లలు పోలీసులు. ఆ తేడా పుట్టుక వల్ల రాలేదు, పెంపకం వల్ల వచ్చింది. అణిచివేసే వర్గం ఎలా తయారవుతుందో దాపరికం లేకుండా చూపించిన చోటు అదే. పందులకి కూడా అలాగే చేసి ఉంటే మీ అభ్యంతరానికి చోటు ఉండేది కాదు.

మూడోగంట

కుక్కల సంగతి ఒప్పుకుంటాను, దాన్ని నేను అలా చూడలేదు. కానీ మీరే అన్నారు, పందులకి చేయలేదని. కథకి కేంద్రం పందులే. తర్వాత పంది పిల్లలకి బడి కట్టాలంటారు, మిగతా పిల్లలతో ఆడవద్దంటారు. ఆ వివరం పెంపకం వైపు లాగుతుంది. చదువు రాకముందే పందులు తెలివైనవని మొదటి అధ్యాయాల్లో చెప్పింది పుట్టుక వైపు లాగుతుంది. రెండూ ఒకదానికొకటి సరిపడవు.

చింతచెట్టు

బెంజమిన్‌ని మరిచిపోతున్నారు. గాడిద. ఏ పందితోనైనా సమానంగా చదవగలదని పుస్తకంలోనే ఉంది. లోకం మొద్దు అని ముద్రవేసిన జంతువుకి చదువు ఇచ్చాడు. అంటే తెలివి పందుల సొత్తు కాదు. నేను మొదట చెప్పిన స్వభావం లెక్క కూడా ఇక్కడ తిరగబడింది, అది నేనే చూసుకున్నాను.

నాగావళి

బాగా పట్టుకున్నారు. మ్యూరియల్ అనే మేక కూడా చదువుతుంది. చదవడం వచ్చీ బెంజమిన్ ఆ పని పెట్టుకోడు. కసాయి బండి మీద రాసింది చదివి వినిపించేది అతనే, అప్పటికి బాక్సర్ బండిలో ఉన్నాడు. చదువు ఉండి నోరు విప్పని వాళ్లు ఏ వర్గమో పుస్తకం చెప్పదు. మేధావులు అంటారు కొందరు, ఆర్వెల్ తనే అంటారు కొందరు. నాకు రెండూ నమ్మకంగా లేవు.

మూడోగంట

మేక, గాడిద ఒకటొకటే ఉన్నాయి. గొర్రెలు గుంపు, కోళ్లు గుంపు, పందులు గుంపు. కుక్కలు కొంత చదవగలవు, వాటిని పక్కన పెడితే తెలివికి మినహాయింపు వచ్చిన చోటల్లా అది ఒంటరి జంతువే. గుంపుగా ఉన్న కింది జంతువుల్లో ఒక్క కోడికైనా, ఒక్క గొర్రెకైనా చదువు వచ్చినట్టు రాసి ఉంటే వాదన వేరుగా ఉండేది.

వెన్నెలదారి

ఆ మూడు మినోర్కా పెట్టలకి చదువు రాకపోయినా, దూలాల మీద గుడ్లు పెట్టాలన్న ఆలోచన వాటిదే కదా? అక్షరాలు రావడాన్నే తెలివిగా లెక్కపెడుతున్నామేమో మనం కూడా.

మూడోగంట

ఆ మాట నన్ను ఆపింది. మూడో అధ్యాయం, ఏడో అధ్యాయం మళ్లీ పక్కపక్కన పెట్టుకుని చదివి వచ్చి రాస్తాను. పందులు అంత తెలివైనవని చెబుతున్నది కథకుడా, లేక దొడ్డిలో అందరూ అనుకుంటున్న మాటా అన్నది ముందు చూసుకోవాలి.